సరళరేఖలో 9 కిలోమీటర్లు, అంబులెన్స్ రావడానికి గంటా యాభై నిమిషాలు: నా లెక్క ఎక్కడ తప్పింది?

గణాంకాల_కుర్రాడు

నేను ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణాంకశాస్త్రం పీజీ చదువుతున్నాను. అంబులెన్స్ నిలిచే చోటు నుంచి ఒక్కో ఊరికి ఎంతసేపట్లో చేరుతుందో అంచనా కట్టడం నా ప్రాజెక్టు. మొదటి పరీక్షగా మా నానమ్మ ఊరినే తీసుకున్నాను. అది అనంతగిరి మండలంలో కొండ మీద ముప్పై ఇళ్ల గూడెం. పేరు చెప్పను, చెప్పినా మ్యాపులో దొరకదు.

అంబులెన్స్ నిలిచే చోటికీ గూడేనికీ మధ్య సరళరేఖ దూరం 9 కిలోమీటర్లు. రోడ్డు కాస్త వంకర పోతుంది కదా అని, చదివిన పద్ధతి ప్రకారం 1.3తో హెచ్చించాను. 11.7 కిలోమీటర్లు వచ్చింది. గంటకు 40 కిలోమీటర్ల వేగం అనుకుంటే 18 నిమిషాలు.

పోయిన నెల నానమ్మ పెరట్లో జారిపడి తుంటి ఎముక విరిగింది. పడిన క్షణం నుంచి అంబులెన్స్ కనిపించేదాకా 110 నిమిషాలు పట్టిందని బాబాయి గడియారం చూసి చెప్పాడు. వాన లేదు, పగటి పూట. నానమ్మ ఇప్పుడు బాగానే ఉంది, మంచం మీద నుంచే అందరినీ తిడుతోంది. 18 ఎక్కడ, 110 ఎక్కడ? ఆరు రెట్ల తేడాను పొరపాటు అనాలా, లేక నా పద్ధతే పనికిరాదా?

ఎన్ఏడీ_ప్రయాణికుడు

కొండ దాకా ఎందుకు తమ్ముడూ, ఊళ్లోనే చూడు. మా నాన్నగారికి గుండె నొప్పి వచ్చినప్పుడు గోపాలపట్నం నుంచి ఆసుపత్రికి వెళ్లడానికి సాయంత్రం రద్దీలో నలభై నిమిషాలు పట్టింది. సైరన్ మోగుతూనే ఉంది, ఎవరూ జరగరు. అంబులెన్స్‌కు దారి ఇవ్వని బండ్లకు జరిమానా వేస్తే నీ సమస్య సగం తీరిపోతుంది.

గణాంకాల_కుర్రాడు

అన్నయ్యా, మీ బాధ అర్థమైంది. కానీ మా దారిలో రద్దీ అంటే మేకల మంద. అదీకాక మీరు చెప్పింది ఆసుపత్రికి వెళ్లే సమయం, నేను అడుగుతున్నది బండి రోగి దగ్గరకు వచ్చే సమయం.

మ్యాపుల_మూర్తి

1.3 అనేది మైదానం లెక్క. పాయకరావుపేట వైపు ఊళ్లకు సరిపోతుంది, మన్యానికి సరిపోదు. నువ్వు వ్యక్తిగత సందేశంలో పంపిన గుర్తులు చూసి ఉపగ్రహ చిత్రం మీద దారి గీశాను. మండల కేంద్రం వైపు నుంచి తారు రోడ్డు 11 కిలోమీటర్లు, ఆ తర్వాత ఘాట్ 8, అక్కడి నుంచి మట్టి రోడ్డు 4. మొత్తం 23. అంటే నీ గుణకం 1.3 కాదు, రెండున్నర దాటింది. మట్టి రోడ్డు ఆగిన చోటు నుంచి గూడెం దాకా ఇంకో 2 కిలోమీటర్లు కాలిబాటే కనిపిస్తోంది.

ఇక వేగాలు. తారు మీద 44, ఘాట్‌లో 20, మట్టిలో 10 అనుకుందాం. ఒక్కో వేగానికి దాని కిలోమీటర్ల బరువు ఇచ్చి సగటు తీస్తే గంటకు దాదాపు 30 వస్తుంది. 23ను 30తో భాగిస్తే 46 నిమిషాలు. కాబట్టి ప్రయాణం 46 నిమిషాలు, మిగతా గంటా నాలుగు నిమిషాలు ఫోన్లకూ నడకకూ పోయి ఉంటుంది.

లెక్కల_మాస్టారు

మూర్తిగారూ, దూరాలు కొలవడంలో మీ ఓపికకు దండం. కానీ సగటు తీసిన తీరు తప్పు. బండి నెమ్మదిగా పోయే చోట ఎక్కువసేపు ఉంటుంది. కాబట్టి వేగాలకు బరువు ఇవ్వాల్సింది కిలోమీటర్లతో కాదు, అక్కడ గడిపిన నిమిషాలతో. ఆ నిమిషాలు ముందే తెలిస్తే ఇక సగటుతో పనేముంది? ముక్కముక్కగా సమయం కూడితే చాలు. తారు మీద 15 నిమిషాలు, ఘాట్‌లో 24, మట్టిలో మళ్లీ 24. మొత్తం 63. మీ 46కు 17 నిమిషాలు ఎక్కువ, అదీ మీరు చెప్పిన వేగాలతోనే.

కుర్రవాడికి కంప్యూటర్‌లో కావాలంటే:

```
parts = [(11, 44), (8, 20), (4, 10)]
minutes = sum(km / speed * 60 for km, speed in parts)
print(round(minutes))
```

ఇందులో ఒక విషయం గమనించు బాబూ. 4 కిలోమీటర్ల మట్టి రోడ్డు 8 కిలోమీటర్ల ఘాట్‌తో సమానంగా సమయం తిన్నది. దారి మొత్తంలో అయిదో వంతు కూడా లేని ముక్క అది. నీ అంచనా బాగుపడాలంటే తారు రోడ్డు వేగం 44 ఆ 48 ఆ అని తలపట్టుకోకు. మట్టి రోడ్డు వేగం 10 ఆ 7 ఆ అన్నది తేల్చు. 7 అయితే ఆ ముక్కకే 34 నిమిషాలు.

మ్యాపుల_మూర్తి

ఒప్పుకున్నాను మాస్టారూ. చిన్నప్పుడు ఇదే లెక్కలో సున్నా వచ్చింది, ఇప్పుడూ వచ్చింది. అయితే ఫోనులోని మ్యాపు కూడా ఈ దారికి 45 నిమిషాలే చూపిస్తోంది. అదీ నాలాగే తప్పు సగటు తీసిందని అనుకోను.

లెక్కల_మాస్టారు

అది ముక్కముక్కగానే కూడుతుంది. కానీ ఆ దారిలో తిరిగే ఫోన్లు తక్కువ, సిగ్నలూ తక్కువ. బండ్లు నిజంగా ఎంత వేగంతో పోతున్నాయో దానికి తెలిసే అవకాశం తక్కువ కాబట్టి, రోడ్డు రకాన్ని బట్టి ఊహించుకున్న వేగమే మిగులుతుంది. పైగా కారుకు చెప్పే సమయం అది.

పాత_పైలట్

ఏజెన్సీలో పదకొండేళ్లు అంబులెన్స్ నడిపాను. మమ్మల్ని డ్రైవర్ అనరు, పైలట్ అంటారు. పక్కన రోగికి అత్యవసర చికిత్స చేసే ఈఎంటీ ఉంటాడు. మీ లెక్కల్లో దిగే ముందు రెండు మాటలు.

మొదటిది ఘాట్ గురించి. గుణకం రెండున్నర ఎందుకయిందని ఎవరూ అడగలేదు. సింహాచలం వెళ్లారు కదా. మెట్ల దారిన ఎక్కితే కొండ ఎదురుగానే ఉంటుంది, బస్సులో పోతే చుట్టి చుట్టి చేరుతుంది. బండి మెట్లెక్కలేదు. ఘాట్ రోడ్డు వాలు నూటికి అయిదు దగ్గర ఉంచాలని చూస్తారు. అంటే వంద మీటర్లు పోతే అయిదు మీటర్లు ఎక్కుతుంది. మూర్తిగారు చూపిన చోట కింది మలుపుకీ పై మలుపుకీ ఎత్తు తేడా సుమారు నాలుగు వందల మీటర్లు. నాలుగు వందలు ఎక్కాలంటే అయిదు శాతం వాలులో ఎనిమిది కిలోమీటర్లు కావాలి. సరిగ్గా అదే వచ్చింది చూడండి. ఆకాశంలో కాకి ఆ ఎనిమిదిని రెండున్నరలో దాటుతుంది. కాబట్టి దూరం చూసి గుణకం ఊహించకు, రెండు చివరల ఎత్తులు చూడు. తేడాను ఇరవైతో హెచ్చిస్తే ఘాట్ పొడవు ఉజ్జాయింపుగా దొరుకుతుంది. మధ్యలో దిగి మళ్లీ ఎక్కాల్సి వస్తే ఇది చాలదు, ఎక్కిన ప్రతిసారీ విడిగా లెక్క వేసుకోవాలి.

రెండోది, గడియారం ఎప్పుడు మొదలైంది? నువ్వు పడిన క్షణం నుంచి లెక్కపెట్టావు. మాకు ఫోను మోగాకే మొదలవుతుంది. మీ గూడెంలో సిగ్నల్ ఉందా?

గణాంకాల_కుర్రాడు

లేదు. పక్కింటి కుర్రాడు చింతచెట్టు గట్టు దాకా పరిగెత్తాడు. అక్కడ ఒక బండరాయి మీద నిలబడితేనే ఫోను పలుకుతుంది. ఇరవై నిమిషాలు పట్టిందట.

పాత_పైలట్

ఆ ఇరవై ఏ రికార్డులోనూ కనిపించదు. ఫోను ఎత్తి, ఊరు అడిగి, కేసు మాకు పంపి, మేము బండి కదిలించేసరికి ఆరు నిమిషాలు వేసుకో. మాస్టారి 63 కలుపు. 89 అయింది. నీ 110కి ఇంకా 21 తక్కువ. ఒక ప్రశ్న: ఫోను చేసిన కుర్రాడు ఆ బండరాయి మీదే నిలబడి ఉన్నాడా, కిందికి దిగిపోయాడా?

గణాంకాల_కుర్రాడు

దిగిపోయాడు. డోలీ మోయడానికి మనుషులు చాలలేదు.

పాత_పైలట్

అనుకున్నాను. మన్యంలో ఒకే పేరుతో రెండు మూడు గూడేలుంటాయి. ఘాట్ పైన దారి చీలే చోట పైలట్ ఆగి, ఫోను చేసిన నంబరుకు తిరిగి చేస్తాడు. అందదు. ఏదో ఒక దారి పట్టుకుంటాడు. మీ ఊరి పేరుతో అవతల ఇంకో ఊరు ఉందేమో కనుక్కో.

గణాంకాల_కుర్రాడు

బాబాయికి కబురు పంపి కనుక్కున్నాను. ఉంది. బండి ముందు అక్కడికే వెళ్లిందట. అక్కడివాళ్లు "మా దగ్గర ఎవరూ పడలేదు" అంటే వెనక్కి తిరిగింది. పోనూ రానూ పావుగంట. 104 అయింది. ఇంకా ఆరు నిమిషాలు ఎక్కడ పోయాయో తెలియదు.

పాత_పైలట్

పొడవాటి బండిని ఇరుకు మట్టి రోడ్డులో వెనక్కి తిప్పిన వాడెవడూ ఆ ఆరు నిమిషాల గురించి అడగడు.

ఊరి పేరు చెప్పే పద్ధతి ఒకటి అలవాటు చేయండి. ముందు పంచాయతీ, తర్వాత గూడెం, ఆ తర్వాత బండి ఆగాల్సిన చోటు, చెట్టో బడో రామాలయమో. ఒక మనిషి బండి వచ్చేదాకా సిగ్నల్ దొరికే చోటే ఉండాలి. డోలీకి ఒక భుజం తగ్గినా సరే.

మన్యం_నర్సు

నేను ఏఎన్ఎంగా పనిచేస్తున్నాను. అందరూ బండి గురించే మాట్లాడుతున్నారు, చివరి రెండు కిలోమీటర్ల కాలిబాటను ఎవరూ కూడలేదు. ఈఎంటీ సంచీ, స్ట్రెచర్ మోసుకుని ఎక్కితే గంటకు మూడు కిలోమీటర్లు నడవడం గొప్ప. నలభై నిమిషాలు. ఆ లెక్కన రోగి దగ్గరకు చేరింది 110లో కాదు, 150లో కదా?

గణాంకాల_కుర్రాడు

లేదమ్మా. కుర్రాడు ఫోను చేసి తిరిగి రాగానే నలుగురూ నానమ్మను దుప్పటి డోలీలో మోసుకుంటూ మట్టి రోడ్డు చివరకు తీసుకొచ్చేశారు. బండి వచ్చేసరికి వాళ్లు అక్కడే కూర్చుని ఉన్నారు.

లెక్కల_మాస్టారు

ఇక్కడే చాలామంది కూడిక తప్పుతారు. బండి వచ్చాక ఈఎంటీ నడిస్తే రెండు సమయాలూ కూడాలి. రోగిని ఎదురు తీసుకొస్తే కూడకూడదు, రెండింటిలో ఏది పెద్దదో అదే తీసుకోవాలి. కుర్రాడు తిరిగి రావడానికీ డోలీ కట్టి దిగడానికీ కలిపి ఫోను తర్వాత డెబ్బై అయిదు నిమిషాలు పట్టిందనుకున్నా, బండి తొంభై నిమిషాలకు వచ్చింది. కాబట్టి ఆ కాలిబాట నీ అంచనాకు ఒక్క నిమిషం కూడా కలపలేదు. అదే బండి దారి తప్పకుండా 69 నిమిషాల్లో వచ్చి ఉంటే, ఆలస్యం డోలీది అయ్యేది, బండిది కాదు.

మన్యం_నర్సు

లెక్కకు బాగుంది మాస్టారూ. కానీ తుంటి విరిగిన మనిషిని డోలీలో ఒంటిని మడిచి మోయడం ఎంత నరకమో ఆ నానమ్మగారిని అడగండి. వెదురు బొంగులకు పలక కట్టి పడుకోబెట్టాలి. ప్రసవం తర్వాత నెత్తురు ఆగని తల్లిని చూశాను, ఆమె విషయంలో ఎదురు తీసుకెళ్లడమా, మనిషి పైకి వచ్చేదాకా ఆగడమా అన్నది అక్కడ నిలబడినవాళ్లే తేల్చుకోవాలి. కాబట్టి కేసు రకాన్ని బట్టి మీ లెక్క కూడికా కాదా అన్నది మారిపోతుంది.

ఇంకో మాట. 2020 జులైలో కొత్త 108 వాహనాలు ప్రారంభించినప్పుడు పట్టణాల్లో 15, గ్రామాల్లో 20, ఏజెన్సీలో 30 నిమిషాలు అని లక్ష్యం చెప్పారు. ఆ ముప్పై బండి ఆగిన చోటికా, రోగి చెయ్యి పట్టుకున్న క్షణానికా?

పాత_పైలట్

నా రోజుల్లో బండి ఆగాక చేరామని చెప్పేవాళ్లం. పైకి ఎక్కడం ఆ తర్వాతి సంగతి. ఇప్పుడు ఎలా ఉందో ఇప్పుడు నడిపేవాళ్లే చెప్పాలి.

అసలు సంగతి ఇంకా ఎవరూ అడగలేదు. బండి తన చోట ఉందని మీకు ఎవరు చెప్పారు? విశాఖలో కేజీహెచ్ ఆసుపత్రికి రోగిని తీసుకెళ్లి దింపి తిరిగి కొండెక్కితే సగం రోజు పోయినట్టే. దగ్గరి ఆసుపత్రి కేసులూ ఉంటాయి. అన్నీ కలిపి రోజుకు మూడు కేసులు, ఒక్కోదానికి మూడు గంటలు అనుకో.

లెక్కల_మాస్టారు

ఇరవై నాలుగు గంటల్లో తొమ్మిది. అంటే నువ్వు ఫోను చేసిన వేళ ఆ బండి బయట ఉండే అవకాశం నూటికి 37. అప్పుడు పక్క మండలం బండి రావాలి. దానికి ఇంకో 45 నిమిషాలు ఎక్కువ పడుతుందనుకుందాం. దారి తప్పకుండా అయితే మొదటి బండి ఫోను తర్వాత 69 నిమిషాలకు, రెండోది 114కు. సగటు కడితే 86 వస్తుంది.

బాబూ, ఆ 86ను ప్రాజెక్టులో రాయకు. 86 నిమిషాలకు వచ్చే బండి ఏదీ లేదు. వస్తే 69కి వస్తుంది, లేదా 114కు. గూడెం వాళ్లకు కావాల్సింది పదిసార్లు పిలిస్తే తొమ్మిదిసార్లు ఎంతలోపు వస్తుందన్నది. మొదటిది ఉంటే వంద పిలుపుల్లో 63 సార్లు 69 నిమిషాల్లో పని అయింది. రెండో బండి కూడా అంతే తీరిక లేకుండా ఉంటే, రెండూ లేని సందర్భాలు వందలో 14. అంటే 114 నిమిషాల్లో 86 సార్లే. తొంభై అందలేదు. మూడో బండి ఎక్కడుందో తెలియకుండా నువ్వు ఆ అంకె చెప్పలేవు.

పాత_పైలట్

14 కూడా తక్కువే చెప్పారు. మొదటి బండి బయటికి పోతే దాని ఊళ్లు కూడా రెండోదాని మీద పడతాయి. అప్పుడది ఇంకా తీరిక లేకుండా తిరుగుతుంది. సంత రోజు అయితే రెండూ ఒకేసారి పోతాయి. మీరు రెండింటినీ ఒకదానికొకటి సంబంధం లేనట్టు హెచ్చించారు.

లెక్కల_మాస్టారు

నిజమే. పిలుపుల చిట్టా లేకుండా ఆ సంబంధాన్ని కొలవలేం. 14 కన్నా ఎక్కువ అని మాత్రం చెప్పగలం, ఎంత ఎక్కువో చెప్పలేం.

ఎన్ఏడీ_ప్రయాణికుడు

ఇంత లెక్క ఎందుకండీ, బైకు అంబులెన్సులు ఉన్నాయి కదా ఏజెన్సీలో. మట్టి రోడ్డు మీద అవే పంపితే సరి.

పాత_పైలట్

ఉన్నాయి, మంచివే. రోగిని బండి దాకా తేవడానికి పనికొస్తాయి. కానీ నిటారుగా ఉన్న కాలిబాట మీద తుంటి విరిగిన ముసలమ్మను బైకు తొట్టెలో కూర్చోబెడతావా? వాన కురిసిన మర్నాడు ఆ బాట మీద బైకు నిలబడుతుందా? కొన్ని కేసులకు నీ మాట రైటే, అన్నిటికీ కాదు.

మ్యాపుల_మూర్తి

నాకొక సందేహం. మట్టి రోడ్డు మధ్యలో ఉపగ్రహ చిత్రంలో సన్నటి నీలం గీత అడ్డంగా పోతోంది. వంతెన కనిపించలేదు.

గణాంకాల_కుర్రాడు

అది గెడ్డ. ఎండాకాలం మోకాలి లోతు కూడా ఉండదు, బండి దాటేస్తుంది. జులై నుంచి పొంగుతుంది.

లెక్కల_మాస్టారు

అయితే మీ ఊరికి ఒక అంచనా కాదు, రెండు కావాలి. వానాకాలంలో మట్టి రోడ్డు వేగం 10 నుంచి 6కు పడిందనుకుంటే 24 నిమిషాలు 40 అవుతాయి. దాన్ని లెక్కలో పెట్టవచ్చు. గెడ్డ పొంగితే మాత్రం వేగం తగ్గడం కాదు, దారే తెగిపోతుంది. నీరు తీసేదాకా ఆగాలి, లేదా మనిషిని చేతుల మీద దాటించి అవతలి ఒడ్డున బండి ఎక్కించాలి. ఆ రోజులను సగటులో కలపకుండా విడిగా రాయి.

మన్యం_నర్సు

గర్భిణులకు మేము చెప్పేది అదే. వానాకాలంలో ప్రసవం తేదీ ఉంటే ముందే కిందికి దిగి గర్భిణుల వసతి గృహంలో ఉండమంటాం. కొందరు ఒప్పుకోరు. ఇంట్లో పిల్లలు, పొలంలో నాట్లు. తప్పు పట్టలేను. తుంటి ఎముకకైతే తేదీ కూడా ఉండదు.

గణాంకాల_కుర్రాడు

పట్టిక మళ్లీ రాస్తున్నాను. ఎండాకాలం, ఫోను తర్వాత: మొదటి బండి ఉంటే 69 నిమిషాలు, లేకపోతే 114 లేదా అంతకన్నా ఎక్కువ. ఫోను కలిసే చోటికి వెళ్లే ఇరవైని ఎప్పుడూ పక్క గడిలో విడిగా చూపిస్తాను. వానాకాలానికి వేరే వరుస, గెడ్డ తెగిన రోజులకు అంకె లేకుండా ఖాళీ గడి.

ఒక ప్రశ్న మిగిలింది. పైలట్ గారూ, గెడ్డ దాటవచ్చా లేదా అని మీరు దేన్ని చూసి తేల్చుకునేవారు?

పాత_పైలట్

ప్రతి గెడ్డకూ ఒక రాయి ఉంటుంది. ఆ రాయి తల మునిగిందంటే బండి దించేవాణ్ణి కాదు. మీ గెడ్డలో ఏ రాయో మీ బాబాయికి తెలిసే ఉంటుంది, అడిగి చూడు. తెలిస్తే ఆ రాయి దగ్గర ఫోను కలుస్తుందో లేదో కూడా చూసి చెప్పు.

గణాంకాల_కుర్రాడు

ఆదివారం వెళ్తున్నాను. బైకు మీద మట్టి రోడ్డును రెండుసార్లు కొలుస్తాను, రాయి సంగతి కూడా చూస్తాను. అంబులెన్స్ వేగం బైకు వేగంలో ఎన్నో వంతు ఉంటుందో ఎవరైనా చెప్పగలరా?

పాత_పైలట్

తారు మీద సమానం. మట్టిలో సగం అనుకో. కానీ బైకు వద్దు, ఆ ఊరికి సరుకులు తెచ్చే జీపు ఎక్కి వెళ్లు. మా బండికి దగ్గరి పోలిక అదే.